హీట్ ఈక్వేషన్‌కు ఎక్స్‌ప్లిసిట్ పద్ధతి: టైమ్ స్టెప్ ఎంత పెట్టాలి, ఎందుకు?

"కోడ్ నడుస్తోంది, ఎర్రర్ ఏమీ రావట్లేదు, కానీ కాసేపటికి కడ్డీలో ఉష్ణోగ్రత లక్షల్లోకి పోతోంది." ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్క లేదు. ప్రతిసారీ "`Δt` తగ్గించండి" అని చెప్పి ఊరుకునేవాణ్ణి. ఆ మాట తప్పు కాదు గానీ సగమే. ఎంత తగ్గించాలి, ఎందుకు తగ్గించాలి, తగ్గించాక వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలి అన్నవి మిగిలిపోతాయి. ఈసారి ఒకే ఒక్క కడ్డీని తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం.

## 1. కోడ్ తెరవకముందు కాగితం మీద రాసుకోవాల్సినవి

మనం పరిష్కరించే సమీకరణం ఇది:

```
∂u/∂t = α ∂²u/∂x²
```

`u` ఉష్ణోగ్రత. `α` థర్మల్ డిఫ్యూజివిటీ, అంటే ఆ పదార్థంలో వేడి ఎంత త్వరగా పరుచుకుంటుందో చెప్పే అంకె. మన కడ్డీ అల్యూమినియంది అనుకుందాం. అల్యూమినియం ఉష్ణ వాహకత `k` సుమారు 237 W/(m·K), సాంద్రత 2700 kg/m³, విశిష్టోష్ణం సుమారు 900 J/(kg·K). మొదటిదాన్ని మిగతా రెండింటి లబ్ధంతో భాగిస్తే `α` దాదాపు 9.75×10⁻⁵ m²/s వస్తుంది. లెక్క తేలికగా ఉండటానికి 10⁻⁴ అని తీసుకుంటాను.

కోడ్ రాయడానికి ముందు ఇవి మీ ముందు ఉండాలి:

- [ ] కడ్డీ పొడవు `L` = 0.1 మీ.
- [ ] `α` = 10⁻⁴ m²/s. `k` కాదు, `α`.
- [ ] కడ్డీని ఎన్ని ముక్కలు చేస్తున్నాం: `N` = 10. కాబట్టి `Δx` = 0.01 మీ.
- [ ] ఎంతసేపు నడపాలి: `T` = 20 సెకన్లు.
- [ ] రెండు చివరలు: 0 డిగ్రీల వద్ద పట్టి ఉంచాం.
- [ ] అన్నీ ఒకే ప్రమాణాల్లో ఉన్నాయా? పొడవు సెంటీమీటర్లలో, `α` మీటర్లలో ఉంటే ఇక్కడే ఆగిపోయి సరిచేయండి.

ఈ జాబితాలో `Δt` లేదు. మరిచిపోయి వదిలేసింది కాదు. ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో `Δt` మనం మొదట ఇచ్చే అంకె కాదు, మిగతావన్నీ తేలాక లెక్క కట్టుకునే అంకె. చాలామంది ఇక్కడే తలకిందులుగా మొదలుపెడతారు. `Δt = 0.01` అని అలవాటుగా రాసేసి, ఆ తర్వాత గ్రిడ్ మారుస్తూ పోతారు.

20 సెకన్లు ఎందుకంటే, ఈ కడ్డీ చల్లబడే వేగాన్ని నిర్ణయించే కాలం `L²/(π²α)`. అది సుమారు 10 సెకన్లు. దానికి రెండింతలు నడిపితే కడ్డీ చాలావరకు చల్లబడటం కనబడుతుంది, అప్పటికీ కొలవగలిగినంత వేడి మిగిలి ఉంటుంది.

## 2. సూత్రాన్ని ఈ రూపంలో రాసుకోండి

కాలానికి ముందువైపు తేడా, స్థలానికి మధ్య తేడా తీసుకుంటే వచ్చే సూత్రం పుస్తకాల్లో ఇలా ఉంటుంది:

```
u_new[j] = u[j] + r (u[j+1] − 2u[j] + u[j−1])
r = α Δt / Δx²
```

కోడ్‌కు ఈ రూపం చాలు. విషయం అర్థం కావాలంటే మాత్రం పదాలను కాస్త అటూ ఇటూ జరిపి ఇలా రాసుకోవాలి:

```
u_new[j] = r·u[j−1] + (1 − 2r)·u[j] + r·u[j+1]
```

ఇప్పుడు ఇది సగటులా కనిపిస్తోంది. ఎడమ పొరుగుకు `r` వంతు, కుడి పొరుగుకు `r` వంతు, తనకు `1 − 2r` వంతు. మూడూ కలిపితే ఎప్పుడూ 1.

మూడు వంతులూ సున్నా గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయినంతకాలం ఇది నిజమైన సగటే. సగటు ఎప్పుడూ తనలో కలిసిన అంకెల్లో చిన్నదానికీ పెద్దదానికీ మధ్యే ఉంటుంది, కాబట్టి ఉష్ణోగ్రత హద్దు దాటే వీలే లేదు. `r` అర్ధం దాటిన క్షణాన `1 − 2r` రుణాత్మకం అవుతుంది. అప్పటి నుంచి అది సగటు కాదు. టైమ్ స్టెప్ మీద ఉన్న షరతు మొత్తం ఇదే:

```
r ≤ 1/2      అంటే      Δt ≤ Δx² / (2α)
```

మన కడ్డీకి `Δx²` = 10⁻⁴, `α` = 10⁻⁴. కాబట్టి `Δt` 0.5 సెకన్లు మించకూడదు.

## 3. కంప్యూటర్ కన్నా ముందు చేత్తో రెండు స్టెప్పులు

ఈ మెట్టును దాటవేయకండి. అయిదు నిమిషాల పని.

కడ్డీ అంతా 0, నడిమి పాయింట్ ఒక్కటే 100 అనుకోండి. `r` = 0.25 తో మొదలుపెడదాం. తనకు సగం, పొరుగువాళ్లకు పావు చొప్పున.

```
మొదట      :   0      0     100     0      0
1 స్టెప్   :   0     25      50    25      0
2 స్టెప్‌లు :   6.25  25    37.5    25   6.25
```

వేడి మధ్యలో తగ్గుతూ పక్కలకు పరుచుకుంటోంది. ఇలాగే జరగాలి.

ఇప్పుడు `Δt` ను 0.6 సెకన్లు చేయండి. `r` = 0.6 అయింది. హద్దు దాటింది అయిదో వంతే.

```
మొదట      :   0      0     100     0      0
1 స్టెప్   :   0     60     −20    60      0
2 స్టెప్‌లు :  36    −24      76   −24     36
```

మొదటి స్టెప్‌లో ఏం జరిగిందో చూడండి. నడిమి పాయింట్ దగ్గర ఉన్నది 100. అది ఎడమకు 60, కుడికి 60, మొత్తం 120 పంచేసింది. లేని 20 ని అప్పు చేసి ఇచ్చింది. దాంతో 0 కన్నా చల్లగా ఏదీ లేని కడ్డీలో −20 పుట్టుకొచ్చింది. మరుసటి స్టెప్‌లో ఆ −20 తన పక్కవాళ్లను కిందికి లాగింది, వాళ్లు దాన్ని మళ్లీ పైకి ఎగదోశారు. ఇలా పది స్టెప్పులు, అంటే 6 సెకన్లు, నడిపితే నడిమి పాయింట్ దాదాపు 395 డిగ్రీలు చూపిస్తుంది. మనం ఇచ్చింది 100 మాత్రమే.

ఇక్కడ ఒక వల ఉంది. పై పట్టికలో ఏ వరుసనైనా కూడండి: 100 వస్తుంది. `r` = 0.25 లోనూ అంతే, `r` = 0.6 లోనూ అంతే. "మొత్తం వేడి నిలకడగా ఉంది కాబట్టి కోడ్ సరైనదే" అని మొత్తం మీదే ఆధారపడి పరీక్షించేవాళ్లు ఉన్నారు. ఆ పరీక్ష ఈ జబ్బును పట్టలేదు. కనిష్ఠం, గరిష్ఠం చూడండి, మొత్తం కాదు.

## 4. హద్దు సరిగ్గా సగం దగ్గరే ఎందుకు?

సగటు వాదన "సగం లోపల ఉంటే భద్రం" అని చెబుతుంది. సగం దాటితే తప్పకుండా చెడుతుందా అన్నదానికి ఇంకో చిన్న లెక్క కావాలి.

గ్రిడ్ మీద గీయగలిగిన అత్యంత గరుకు ఆకారం రంపం పళ్లలా ఉంటుంది: +1, −1, +1, −1. దీన్ని సూత్రంలో పెట్టండి. +1 ఉన్న పాయింట్‌కు రెండు పక్కలా −1 ఉంటుంది:

```
(1 − 2r)(+1) + r(−1) + r(−1) = 1 − 4r
```

కాబట్టి ప్రతి స్టెప్‌లో ఈ రంపం ఆకారం `1 − 4r` రెట్లు అవుతుంది. `r` = 0.25 అయితే ఒక్క స్టెప్‌లోనే మాయం. `r` = 0.4 అయితే −0.6 రెట్లు: గుర్తు మారుతుంది గానీ చిన్నదవుతూ పోతుంది. `r` = 0.5 అయితే −1 రెట్లు: తగ్గదు, పెరగదు, అలా ఊగుతూనే ఉంటుంది. `r` = 0.6 అయితే −1.4 రెట్లు, ప్రతి స్టెప్‌కూ.

మిగతా అలలన్నీ ఇంతకన్నా నునుపైనవి. వాటికి ఆ గుణకం `1 − 4r sin²(θ/2)`. ఇందులో `θ` పక్కపక్క పాయింట్ల మధ్య ఆ అల ఎంత తిరిగిందో చెప్పే కోణం. రంపం ఆకారానికి `θ` = π, అక్కడే గుణకం అన్నిటికన్నా చెడ్డగా ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచితే తక్కినవన్నీ అదుపులో ఉన్నట్టే.

జబ్బును గుర్తుపట్టే లక్షణాలు కూడా ఇక్కడి నుంచే వస్తాయి:

- [ ] గ్రాఫ్‌లో పక్కపక్క పాయింట్లు పైకీ కిందికీ రంపం పళ్లలా ఉన్నాయా?
- [ ] ఒకే పాయింట్‌లో ఆ పన్ను ఒక స్టెప్‌లో పైకి, మరుసటి స్టెప్‌లో కిందికి తిరుగుతోందా?
- [ ] వరుస స్టెప్పుల్లో గరిష్ఠ విలువల నిష్పత్తి దాదాపు `4r − 1` దగ్గర నిలుస్తోందా?

మూడింటికీ అవునంటే అది టైమ్ స్టెప్ సమస్యే, వేరే చోట వెతకనక్కర్లేదు. గ్రాఫ్ చెడింది గానీ రంపం పళ్లు లేవంటే తప్పు ఇంకెక్కడో ఉంది. 8వ అంశం చూడండి.

ఒకరు అడిగిన మంచి ప్రశ్న: "నేను `r` = 0.51 పెట్టాను, ఏమీ కాలేదు. మరి నియమం తప్పా?" తప్పు కాదు. చివరలు 0 వద్ద పట్టి ఉంచిన పది ముక్కల కడ్డీలో పూర్తి రంపం ఆకారం ఇమడదు, ఎందుకంటే అంచుల్లో అది 0 కావాలి. అక్కడ ఇమిడే అత్యంత గరుకు అలకు `sin²(θ/2)` విలువ 0.9755. కాబట్టి ఈ గ్రిడ్‌కు అసలు హద్దు సుమారు 0.5125. నూరు ముక్కలు చేస్తే అది 0.5001 కి దిగుతుంది. ముతక గ్రిడ్‌లో బతికిపోయిన 0.51 సన్న గ్రిడ్‌లో బతకదు. ఆ కాస్త మినహాయింపును నమ్ముకోకండి.

## 5. `Δt` ఎంచుకునే క్రమం

ఇదే వరుసలో చేయండి. వరుస తప్పితే పాత `Δt` ఎక్కడో మిగిలిపోతుంది.

1. ముందు `Δx` తేల్చుకోండి.
2. మీకు కావాల్సిన `r` ఎంచుకోండి. ఏ అంకె మంచిదో 7వ అంశంలో ఉంది. ప్రస్తుతానికి 0.25.
3. దాని నుంచి గరిష్ఠ `Δt` కట్టండి.
4. `T` ను దానితో భాగించి, వచ్చిన అంకెను పైకి సవరించండి. అవే స్టెప్పులు.
5. `T` ను స్టెప్పుల సంఖ్యతో భాగించి `Δt` ను మళ్లీ కట్టండి. సరిగ్గా `T` దగ్గర ఆగుతారు, `r` మాత్రం పెరగదు.
6. ఆ కొత్త `Δt` తో `r` ను మళ్లీ లెక్కించి, సగం లోపల ఉందో లేదో కోడ్ చేతే అడిగించండి.

```python
import math
import numpy as np

L, alpha, N, T = 0.1, 1e-4, 10, 20.0
dx = L / N
dt_max = 0.25 * dx**2 / alpha
steps = math.ceil(T / dt_max - 1e-9)
dt = T / steps
r = alpha * dt / dx**2
assert r <= 0.5, r

x = np.linspace(0, L, N + 1)
u = 100 * np.sin(np.pi * x / L)
u[0] = u[-1] = 0.0

for n in range(steps):
    u[1:-1] = u[1:-1] + r * (u[2:] - 2*u[1:-1] + u[:-2])

print(r, steps, u[N // 2])
```

ఇది 80 స్టెప్పులు నడిచి మధ్య పాయింట్‌లో సుమారు 13.78 చూపాలి. ఆ `1e-9` ఎందుకంటే, దశాంశాల సవరణ వల్ల 80 బదులు 80.00000000000001 వస్తే `ceil` దాన్ని 81 చేస్తుంది. చేసినా నష్టం లేదు, స్టెప్ కాస్త చిన్నదవుతుంది అంతే. కానీ మీ జవాబు పక్కవాళ్ల జవాబుతో నాలుగో అంకెలో తేడా వస్తే తల పట్టుకుంటారు.

`assert` వాక్యాన్ని తీసేయకండి. రేపు ఎవరో `N` ను 10 నుంచి 40 చేస్తారు, `Δt` ను చేత్తో మారుస్తారు. ఆ రోజు ఆ ఒక్క వాక్యమే కాపాడుతుంది.

## 6. నునుపైన మొదలు, దొంగ ధైర్యం

పై కోడ్‌లో మొదటి ఉష్ణోగ్రత చక్కటి సైన్ వంపు. ఇప్పుడు కావాలనే `Δt` = 0.6 పెట్టి, `assert` తీసి, 33 స్టెప్పులు, అంటే దాదాపు 20 సెకన్లు, నడపండి. గ్రాఫ్ నున్నగా వస్తుంది. రంపం లేదు, రుణాత్మకం లేదు. "హద్దు దాటినా బాగానే ఉందే" అనిపిస్తుంది.

లోపల జరుగుతున్నది వేరు. సైన్ వంపులో గరుకు అల అసలు లేదు. కానీ కంప్యూటర్ అంకెలను పదహారో స్థానం దగ్గర సవరిస్తుంది, ఆ సవరణ దుమ్ములో అన్ని అలలూ కొద్దికొద్దిగా ఉంటాయి. 100 డిగ్రీల మీద ఆ దుమ్ము సుమారు 10⁻¹⁴. మన గ్రిడ్‌లో గరుకు అల ప్రతి స్టెప్‌కూ 1.34 రెట్లు పెరుగుతుంది. 33 స్టెప్పుల తర్వాత కూడా అది 10⁻¹⁰ దగ్గరే ఉంటుంది, కంటికి ఆనదు. అదే 110 స్టెప్పుల ప్రాంతానికి ఒక డిగ్రీ అవుతుంది. అక్కడి నుంచి ఇంకో పదిహేను స్టెప్పులు వేస్తే 80 డిగ్రీలు దాటుతుంది.

అందుకే "చాలాసేపు బాగా నడిచి హఠాత్తుగా చెడింది" అనేవాళ్లకు నా జవాబు: హఠాత్తుగా కాదు, మొదటి స్టెప్ నుంచే చెడుతోంది.

పరీక్షకు ఎప్పుడూ 3వ అంశంలోని ఒంటి పాయింట్ మొదలునే వాడండి. ఆ మొనలో గరుకు అల మొదటి నుంచే 20 డిగ్రీల మేర ఉంటుంది, దాచుకోవడానికి చోటుండదు. ప్రతి స్టెప్ తర్వాత ఇవి చూడండి:

- [ ] గరిష్ఠం ఎప్పుడూ మొదటి గరిష్ఠాన్ని దాటలేదు.
- [ ] కనిష్ఠం ఎప్పుడూ మొదటి కనిష్ఠం కన్నా కిందికి దిగలేదు.
- [ ] మధ్యలో పెట్టిన మొన నుంచి వచ్చిన జవాబు ఎడమ కుడి రెండు వైపులా ఒకేలా ఉంది.

## 7. మరి `r` ఎంత పెట్టాలి?

సగం లోపల ఏదైనా చాలుననుకోవద్దు. సరిగ్గా సగం పెట్టి మొనను నడపండి:

```
మొదట      :   0     0    100     0     0
1 స్టెప్   :   0    50      0    50     0
2 స్టెప్‌లు :  25     0     50     0    25
```

రుణాత్మకం లేదు, పెరుగుదల లేదు, నియమం ప్రకారం ఇది స్థిరమైనదే. అయినా ఇది వేడి పరుచుకున్నట్టుందా? తనకు వంతు సున్నా కాబట్టి ప్రతి పాయింట్ తన పాత ఉష్ణోగ్రతను పూర్తిగా మరిచిపోతుంది. సరి పాయింట్లు, బేసి పాయింట్లు రెండు వేర్వేరు కడ్డీల్లా బతుకుతాయి. పదునైన మొదలు ఉన్నప్పుడు 0.5 దగ్గరికి పోవద్దనడానికి ఇదే కారణం. 0.25 లేదా అంతకన్నా తక్కువైతే రంపం ఆకారానికి గుర్తు కూడా మారదు.

"అయితే `Δt` ఎంత చిన్నదైతే అంత మంచిదన్నమాట" అనుకుంటే అదీ తప్పే. సైన్ వంపు మొదలుతో, అదే `Δx` తో, 20 సెకన్ల దగ్గర మధ్య పాయింట్ ఇదిగో. అసలు జవాబు 13.89.

| `r` | స్టెప్పులు | వచ్చినది | తేడా |
|---|---|---|---|
| 0.4 | 50 | 13.57 | −0.32 |
| 0.25 | 80 | 13.78 | −0.11 |
| 1/6 | 120 | 13.89 | 0.0005 |
| 0.05 | 400 | 14.05 | +0.16 |

అయిదింతలు పని చేసిన 0.05, తక్కువ పనితో వచ్చిన 0.25 కన్నా దూరంగా ఉంది. కారణం ఏమిటంటే ఈ పద్ధతిలో రెండు దోషాలు ఉన్నాయి, ఒకటి `Δt` వల్ల, ఒకటి `Δx` వల్ల. ఈ సమీకరణంలో అవి ఎదురెదురు దిశల్లో లాగుతాయి. రెండూ కలిపిన ప్రధాన దోషం `(r/2 − 1/12)` కు అనులోమంగా ఉంటుంది. `r` = 1/6 దగ్గర అది సున్నా. అంతకన్నా తగ్గిస్తే కాలం వైపు దోషం పోతుంది, స్థలం వైపు దోషం ఒంటరిగా మిగులుతుంది. దాన్ని తగ్గించాలంటే `Δx` తగ్గించాల్సిందే.

1/6 ను మంత్రంలా వాడకండి. `α` అంతటా ఒకటే అయి, వేడి పుట్టించే మూలమేదీ లోపల లేకుండా, జవాబు నునుపుగా ఉన్నప్పుడే ఆ రద్దు పూర్తిగా పనిచేస్తుంది. సాధారణ పనికి నేను 0.25 పెడతాను. సాదా కడ్డీ అయితే 1/6.

## 8. తరచూ చేసే తప్పులు, సరిచేసే దారి

ఒకే జాబితాలో పాతా కొత్తా కలిపేయడం. పాయింట్లను ఒక్కొక్కటిగా లూప్‌లో మారుస్తూ, అదే జాబితాలో రాసేస్తారు. అప్పుడు కుడి పొరుగు పాతది, ఎడమ పొరుగు కొత్తది అవుతుంది. `r` = 0.25 తో మొనను ఒక్క స్టెప్ నడిపితే 25, 50, 25 బదులు 25, 56.25, 14.06, 3.52 వస్తాయి. ఇది రంపంలా కనిపించదు, పేలదు, అందుకే చాలాకాలం దొరకదు. ఎడమ కుడి పోలిక పరీక్ష మాత్రం మొదటి స్టెప్‌లోనే పట్టేస్తుంది. సరిచేయాలంటే కొత్త విలువలకు వేరే జాబితా పెట్టండి. పై కోడ్‌లో కుడివైపు మొత్తం లెక్క అయ్యాకే ఎడమవైపు రాస్తుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

`α` బదులు `k` పెట్టడం. నేనూ చేశాను. 237 పెడితే మన గ్రిడ్‌కు `r` దాదాపు ఆరు లక్షలు అవుతుంది, రెండో స్టెప్‌కే తెరంతా అర్థంలేని అంకెలు. నా అదృష్టం, అంత పెద్దగా పేలింది కాబట్టి వెంటనే దొరికింది. ప్రమాణాలు తప్పితే `r` చిన్నదైపోయే ప్రమాదం కూడా ఉంది. `Δx` సెంటీమీటర్లలో రాసి `α` మీటర్లలో ఉంచితే `r` పదివేల రెట్లు తగ్గుతుంది. అప్పుడు ఏమీ పేలదు, కడ్డీ అసలు చల్లబడదు. 20 సెకన్ల తర్వాత కూడా 100 డిగ్రీల దగ్గరే ఉంటే ఇదే చూడండి.

గ్రిడ్ మార్చి `Δt` మార్చకపోవడం. `N` ను 10 నుంచి 20 చేస్తే `Δx` సగం, `Δt` హద్దు నాలుగో వంతు: 0.5 నుంచి 0.125 సెకన్లు. పాత 0.25 అలాగే ఉంటే `r` = 1. "గ్రిడ్ సన్నం చేస్తే జవాబు మెరుగవ్వాలి కదా, ఇదేంటి పాడైంది?" అనే ప్రశ్నల్లో చాలా వాటికి జవాబు ఇదే.

అంచులను తిరిగి రాయకపోవడం. లూప్ చివరి పాయింట్లను కూడా మారుస్తుంటే, పట్టి ఉంచాల్సిన 0 జారిపోతుంది. లోపలి పాయింట్లను మాత్రమే మార్చండి.

## 9. కడ్డీ దాటి పోతే హద్దు ఎలా మారుతుంది

గుర్తుంచుకోవాల్సింది ఒకటే: సూత్రంలో తన వంతు రుణాత్మకం కాకూడదు. కొత్త పరిస్థితి ఏదైనా, సూత్రం రాసి, `u[j]` ముందున్న గుణకాన్ని చూడండి.

పలకలో నలుగురు పొరుగులు ఉంటారు. రెండు దిశల్లో `Δx` ఒకటే అయితే తన వంతు `1 − 4r`, కాబట్టి `r` పావు దాటకూడదు. దిమ్మెలో ఆరుగురు, హద్దు 1/6. కడ్డీ కోడ్‌ను పలకకు మార్చి `r` = 0.4 అలాగే వదిలేసినవాళ్లకు రంపం బదులు చదరంగం బల్ల కనిపిస్తుంది.

`α` చోటుచోటుకూ మారితే, లేదా గ్రిడ్ ఒకచోట సన్నగా ఇంకోచోట ముతకగా ఉంటే, `α/Δx²` ఎక్కడ ఎక్కువో ఆ చోటు మొత్తానికి `Δt` నిర్ణయిస్తుంది. ఒక మూలన నాలుగు సన్న ముక్కలు పెట్టినందుకు కడ్డీ అంతా చిన్న అడుగులు వేయాల్సిందే.

అంచు దగ్గర జాగ్రత్త. చివర వేడి పోకుండా కప్పేస్తే అంచు పాయింట్‌కు `(1 − 2r)·u[0] + 2r·u[1]` వస్తుంది, పాత హద్దే సరిపోతుంది. కానీ ఆ చివర గాలికి వేడిని వదులుతుంటే, అంచు సగం ముక్కకు శక్తి లెక్క రాసినప్పుడు తన వంతు `1 − 2r − 2r·Bi` అవుతుంది. ఇక్కడ `Bi = hΔx/k`, `h` గాలికి వేడి పోయే గుణకం. కాబట్టి `r(1 + Bi) ≤ 1/2`. `Bi` = 0.25 అయితే `r` హద్దు 0.4 కి దిగుతుంది. లోపలంతా బాగుండి ఒక్క చివర మాత్రమే ఊగుతుంటే ఈ షరతునే అనుమానించండి.

## 10. ఈ పద్ధతిని ఎప్పుడు వదిలేయాలి

`Δx` సగం చేస్తే పాయింట్లు రెట్టింపు, స్టెప్పులు నాలుగింతలు: పని ఎనిమిదింతలు. పలకకు పదహారింతలు, దిమ్మెకు ముప్పై రెండింతలు.

మన కడ్డీని మిల్లీమీటర్ ముక్కలు చేస్తే `Δt` హద్దు 0.005 సెకన్లు, 20 సెకన్లకు కనీసం 4000 స్టెప్పులు. నూరు పాయింట్లకు అది కంప్యూటర్‌కు ఏపాటి పని? హాయిగా చేయండి. అదే దిమ్మెలో గంటల తరబడి జరిగే చల్లబాటు కావాలంటే, జవాబు నెమ్మదిగా మారుతున్నా హద్దు కోసమే లక్షల స్టెప్పులు వేయాల్సి వస్తుంది.

నేను పాటించే కొలత ఇది. జవాబులో మార్పును పట్టుకోవడానికి మీకు నిజంగా కావాల్సిన `Δt` ఎంతో అంచనా వేయండి. దాన్ని `Δx²/(2α)` తో పోల్చండి. రెండూ ఒకే స్థాయిలో ఉంటే ఎక్స్‌ప్లిసిట్ పద్ధతే సులువు. కావాల్సింది హద్దుకన్నా వంద రెట్లు పెద్దదైతే ఇంప్లిసిట్ పద్ధతికి మారండి. ప్రతి స్టెప్‌లో సమీకరణాల గుంపును పరిష్కరించాలి గానీ, ఈ హద్దు అక్కడ ఉండదు. కడ్డీకైతే ఆ గుంపు మూడు కర్ణాల మాత్రికే, పాయింట్ల సంఖ్యకు అనులోమమైన పనితో తేలిపోతుంది.